ఎన్+1 ఉందన్నారు, మరి ఒక్క యూనిట్ ఆగితే 31 డిగ్రీలు ఎందుకొచ్చింది?

గచ్చిబౌలి_గోపి
మా సర్వర్ హాల్లో 24 ర్యాకులు, రెండు వరసలు. మధ్యలో హాట్ ఐల్‌ని తలుపులూ ప్యానెళ్ళతో మూసేసి, ఆ వేడిగాలిని పైన ఫాల్స్ సీలింగ్‌లోకి వదిలాం. అక్కణ్ణుంచి పీఏసీలు లాక్కుని, చల్లబరిచి, రైజ్డ్ ఫ్లోర్ కిందకి పంపుతాయి. ఐటీ లోడు 180 కిలోవాట్లు. గోడ వెంబడి నాలుగు చిల్డ్ వాటర్ పీఏసీలు, ఒక్కోటి 70 కిలోవాట్లు. మూడు చాలు, నాలుగోది స్పేర్ అని చెప్పే అమ్మారు. నాలుగూ ఎప్పుడూ నడుస్తుంటాయి, ఫ్యాన్లు 72 శాతం దగ్గర.

మొన్న రాత్రి రెండో యూనిట్ ఫ్యాన్ డ్రైవ్ ట్రిప్పయింది. మిగతా మూడూ వెంటనే 100 శాతానికి వెళ్ళాయి. అయినా పావుగంటలో వరస చివరి ర్యాకుల్లో పై సర్వర్ల ఇన్‌లెట్ 23 నుంచి 31కి ఎక్కింది. డ్రైవ్ రీసెట్ చేశాక దిగింది. మూడు యూనిట్లంటే 210 కిలోవాట్లు కదా, 180కి ఎందుకు చాలలేదు? వెండర్ ఐదో యూనిట్ కొనమంటున్నాడు. కొటేషన్ మా మేనేజర్ టేబుల్ మీదికి వెళ్ళిపోయింది. ఆయన సంతకం పెట్టేలోపు ఎవరైనా కాస్త చెప్పండి.

రాత్రి_షిఫ్ట్
సప్లై సెట్ పాయింట్ ఎంత? 22 అయితే 18కి దించేయండి. ముందే గది చల్లగా ఉంటే ఒకటి ఫెయిలైనా టైం దొరుకుతుంది. మా దగ్గర అలాగే చేస్తాం.

హోం_ల్యాబ్_కిట్టు
నాలుగూ ఎందుకు నడుపుతున్నారు అసలు? మా ఆఫీసులో రెండు స్ప్లిట్ ఏసీలు, టైమర్ పెట్టి ఆరేసి గంటలకి మారుస్తాం. ఒకటి నడుస్తుంటే ఒకటి రెస్ట్. మీరూ ఒకదానికి రెస్ట్ ఇవ్వండి, ట్రిప్ అవదు.

వైజాగ్_సుబ్బు
కిట్టూ, ఆయనవి 24 ర్యాకులు. నీది ఫ్రిజ్ పక్కన పెట్టిన రెండు ర్యాకులు 😄

హోం_ల్యాబ్_కిట్టు
ఫ్రిజ్ పక్కన కాదు, ప్యాంట్రీ పక్కన. ఏసీ నీళ్ళకి బకెట్ కూడా ఉంది. రిడండెన్సీ కోసం రెండు బకెట్లు.

డక్ట్_దాదా
గోపి గారూ, ఏమీ కొనకండి ఇంకా. ట్రిప్పయి ఉన్న ఆ పావుగంటకి బీఎంఎస్ ట్రెండ్‌లో నాలుగు అంకెలు చూసి చెప్పండి. నడుస్తున్న మూడు యూనిట్ల సప్లై ఎంత? రిటర్న్ ఎంత? చిల్డ్ వాటర్ వాల్వ్ ఎంత శాతం తెరుచుకుంది? హాట్ ఐల్ లోపల సెన్సార్ ఉంటే అది ఎంత చూపించింది? ఇంకోటి, ఆ పీఏసీల గరిష్ఠ గాలి ఎంతో నేమ్‌ప్లేట్ మీద ఉంటుంది.

గచ్చిబౌలి_గోపి
ఇప్పుడే తీశాను.
సప్లై 22, కదల్లేదు. వాల్వులు 80 నుంచి 85 శాతం మధ్య. మామూలప్పుడు రిటర్న్ 33, హాట్ ఐల్ 34. ట్రిప్ సమయంలో హాట్ ఐల్ 35 దాటింది. రిటర్న్ మాత్రం పెరగలేదు, పైగా 32.5కి వచ్చింది. ఇదే నాకు అర్థం కాలేదు, సర్వర్లు వేడెక్కుతుంటే రిటర్న్ తగ్గడమేంటని.
గాలి ఒక్కో యూనిట్‌కి గంటకి 17,000 ఘనపు మీటర్లు.

డక్ట్_దాదా
మీ జవాబు ఆ అంకెల్లోనే ఉంది.

చల్లదనం తక్కువైతే ఏం జరగాలి? వాల్వు 100 శాతం తెరుచుకోవాలి, అయినా సప్లై 22 దాటి పైకి పోవాలి. మీ దగ్గర వాల్వుకి ఇంకా చోటుంది, సప్లై సెట్ పాయింట్ మీదే నిలబడింది. అంటే కాయిల్ ఓడిపోలేదు, ఫ్యాన్లు ఓడిపోయాయి. మీకు తక్కువైంది కిలోవాట్లు కాదు, గాలి. ఐదో యూనిట్ అమ్మేవాడు ఈ తేడా చెప్పడు.

లెక్క వేద్దాం. గాలి ఎంత కావాలో చేత్తో చూసుకునే సూత్రం ఇది:

గాలి (ఘ.మీ./గంట) = కిలోవాట్లు × 3000 ÷ సర్వర్ ముందూ వెనకా ఉష్ణోగ్రతల తేడా

మీ సర్వర్లలో 22కి వెళ్ళిన గాలి 34కి బయటికొస్తోంది, తేడా 12. అంటే 180 × 3000 ÷ 12 = 45,000. ఇది సర్వర్ల ఫ్యాన్లు లాక్కునే గాలి. మీరిచ్చినా ఇవ్వకపోయినా అవి లాక్కుంటాయి, ఇవ్వకపోతే వెనకనుంచి వేడిగాలి లాక్కుంటాయి.

నాలుగు యూనిట్లు 72 శాతం దగ్గర ఇచ్చేది దాదాపు 49,000. అందులో 45,000 సర్వర్లకి పోతోంది. మిగతా 4,000 కేబుల్ కట్‌అవుట్లు, సందుల గుండా సర్వర్లని తాకకుండా వెనక్కి పోతోంది. హాట్ ఐల్ 34 ఉంటే రిటర్న్ 33 చూపించడానికి కారణం అదే. ఇంతవరకు తప్పేం లేదు, ఏ హాల్లోనైనా ఉండేదే.

ఇప్పుడు ఒకటి ఆగింది. మూడు పూర్తి స్పీడులో 51,000. లీకేజీ 4,000 తీసేస్తే 47,000. సర్వర్లకి 45,000 చాలు. అంటే కాగితం మీద గట్టెక్కాలి. గట్టెక్కలేదు కాబట్టి ఇంకెక్కడో గాలి పోతోంది. హాట్ ఐల్‌కీ రిటర్న్‌కీ మధ్య తేడా 1 డిగ్రీ నుంచి దాదాపు 3కి పెరిగింది చూడండి. చల్లగాలి ఎక్కడో భారీగా రిటర్న్‌లో కలుస్తోంది. ఆగిపోయిన రెండో యూనిట్ గుండానే అని నా అనుమానం.

రాత్రి_షిఫ్ట్
ఆగిపోయిన యూనిట్ గుండా గాలి ఎలా పోతుంది? ఫ్యాన్ తిరగట్లేదుగా.

డక్ట్_దాదా
ఫ్యాన్ తిరగట్లేదు కాబట్టే. ఫ్లోర్ కింద ప్రెషర్ ఎక్కువ, ఫాల్స్ సీలింగ్‌లో తక్కువ, ఎందుకంటే మిగతా మూడూ కిందకి తోస్తూ పైనుంచి లాగుతున్నాయి. ఆ రెండిటి మధ్య మనిషి పట్టేంత పెట్టె ఒకటి తెరిచి ఉంది. కింద పోసిన చల్లగాలి ఆ పెట్టెలోంచి పైకెక్కి నేరుగా సీలింగ్‌లోకి పోతుంది. తూము మూయకుండా చెరువు నింపుతున్నట్టే.

ఫిల్టర్ దగ్గర సెకనుకి ఒక మీటర్ వేగంతో వెనక్కి పోయినా, 1.8 చదరపు మీటర్ల ముఖం అనుకుంటే, గంటకి 6,500 దాకా పోయినట్టు. 47,000లోంచి అది తీసేస్తే 40,500. సర్వర్లకి 4,500 లోటు. ఆ లోటుని హాట్ ఐల్ నుంచి పూడ్చుకుంటాయి. సగటున చూస్తే ఒక డిగ్రీ చిల్లరే, కానీ వేడిగాలి అందరికీ సమానంగా పంచుకోదు. వరస చివర్లో, ర్యాక్ పైభాగంలో, బ్లాంకింగ్ ప్యానెల్ లేని చోట కూడుతుంది. అందుకే మీకు మధ్య ర్యాకులు బాగానే ఉండి చివరివి 31 చూశాయి.

పైగా ఇన్‌లెట్ పెరిగేకొద్దీ సర్వర్ ఫ్యాన్లు స్పీడు పెంచుతాయి, ఇంకా గాలి అడుగుతాయి, లోటు ఇంకా పెరుగుతుంది. పావుగంట దాటి ఉంటే 31 దగ్గర ఆగేది కాదు.

గచ్చిబౌలి_గోపి
లెక్క బాగుంది దాదా, కానీ ఒక చిక్కు. మా యూనిట్లకి నాన్ రిటర్న్ డ్యాంపర్లు ఉన్నాయి. డ్రాయింగ్‌లో ఉన్నాయి, సైట్లో కూడా కళ్ళారా చూశాను, రిటర్న్ హుడ్ మీద మోటారుతో. కమిషనింగ్‌లో ఒక్కో యూనిట్ ఆపి టెస్టు చేశారు, పాసయ్యింది, రిపోర్టు ఉంది.

డక్ట్_దాదా
అయితే ఆ రాత్రి డ్యాంపర్ మూసుకుందా లేదా? బీఎంఎస్‌లో పొజిషన్ ఫీడ్‌బ్యాక్ ఉందా?

గచ్చిబౌలి_గోపి
కమాండ్ ఉంది. ఫీడ్‌బ్యాక్ లేదు.

బీఎంఎస్_భాను
ఇక్కడ నేను దూరతాను, ఇది నా ఏరియా. టెస్టులో యూనిట్‌ని ఎలా ఆపారు గోపీ? స్టాప్ బటన్ నొక్కా, బ్రేకర్ లాగా?

గచ్చిబౌలి_గోపి
రిపోర్టులో "యూనిట్ స్టాప్ కమాండ్ ఇవ్వబడింది" అని ఉంది.

బీఎంఎస్_భాను
దొరికింది. చాలా చోట్ల లాజిక్ ఇలా రాస్తారు: యూనిట్ రన్ కమాండ్ ఉంటే డ్యాంపర్ తెరువు, లేకపోతే మూయి. స్టాప్ నొక్కితే రన్ కమాండ్ పోతుంది, డ్యాంపర్ మూసుకుంటుంది, టెస్టు పాస్. కానీ డ్రైవ్ ట్రిప్పయినప్పుడు రన్ కమాండ్ అలాగే ఉంటుంది! కంట్రోలర్ దృష్టిలో యూనిట్ ఇంకా నడవాల్సిందే, కాకపోతే ఒక అలారం ఉంది, అంతే. డ్యాంపర్ తెరిచే ఉంటుంది.

డ్యాంపర్‌ని కమాండ్‌కి కాదు, ఫ్యాన్ నిజంగా తిరుగుతోందన్న రుజువుకి కట్టాలి. ఎయిర్‌ఫ్లో స్విచ్ గానీ ఫ్యాన్ అంతటా ప్రెషర్ తేడా గానీ. స్టార్టప్‌లో మాత్రం కొన్ని సెకన్ల టైమర్ ఇవ్వాలి, లేకపోతే డ్యాంపర్ మూసి ఉందని గాలి రాదు, గాలి రాలేదని డ్యాంపర్ తెరవదు, రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చుంటాయి.

వైజాగ్_సుబ్బు
మా ఇంట్లో పెళ్ళిచూపుల్లాగా.

చల్లటి_వరండా
ఇదంతా హాట్ ఐల్ మూయడం వల్ల వచ్చిన తలనొప్పి. కోల్డ్ ఐల్ మూసుకుంటే చల్లగాలి మన చేతిలో ఉండేది.

డక్ట్_దాదా
ఒప్పుకోను. కోల్డ్ ఐల్ మూస్తే చల్లగాలి ఉండేది ఆ చిన్న గదిలోనే, బయటంతా 34 డిగ్రీలు. ఒకటి ఆగిందంటే మీకున్న నిల్వ ఆ రెండు వరసల మధ్య గాలి మాత్రమే. హాట్ ఐల్ మూస్తే హాలంతా చల్లని నిల్వే. గోపికి పావుగంట దొరికిందంటే కొంత అందుకే. రివర్స్ గాలి సమస్య రెండిట్లోనూ ఒకటే, డ్యాంపర్ లేకపోతే ఏ ఐల్ మూసినా పోతుంది.

చల్లటి_వరండా
నిల్వ సంగతి సరే. పాత బిల్డింగుల్లో ఫాల్స్ సీలింగ్‌కి ఎత్తు ఉండదు, అక్కడ హాట్ ఐల్ ఎలా మూస్తారు? మాకు కోల్డ్ ఐలే గతి. ఇంకోటి, మీ హాట్ ఐల్లోకి పనికెళ్ళే కేబుల్ కుర్రాళ్ళని అడగండి 35లో పని ఎలా ఉంటుందో.

డక్ట్_దాదా
ఎత్తు లేకపోతే వేరే మాట, అది మీదే రైటు.

రాత్రి_షిఫ్ట్
నా 18 సలహాని ఎవరూ పట్టించుకోలేదు. 22 బదులు 18 ఇచ్చి ఉంటే 31 బదులు 27 వచ్చేది కదా. ఆష్రే సిఫార్సు చేసేది 18 నుంచి 27. హద్దులో ఉన్నట్టే.

డక్ట్_దాదా
లెక్క తప్పు కాదు, ఆ రాత్రికి పనికొచ్చేది కూడా. కానీ ఏడాదిలో ఎన్నో గంటలు ట్రిప్ లేకుండా గడుస్తాయి, ఆ గంటలన్నీ చిల్లర్ కరెంటు ఎక్కువ తింటుంది. కాయిల్ ఇంకా చల్లగా ఉండాలి, దాంతో గాలిలో తేమ నీరై కారడం మొదలవుతుంది, ఆ నీటిని పట్టడానికీ చల్లదనం ఖర్చవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, గాలి లోటు అలాగే దాక్కుని ఉంటుంది. రేపు లోడు పెరిగితే 18 కూడా చాలదు, అప్పుడు 16 అంటారా?

రాత్రి_షిఫ్ట్
మా బాసు అంటాడు. నేను కాదు.

హోం_ల్యాబ్_కిట్టు
నా ప్రశ్నకి కూడా జవాబు రాలేదు, నాలుగూ ఎందుకు నడపాలి? మూడు నడిపి నాలుగోది ఆపి ఉంచితే, ఫెయిలైనప్పుడు అది స్టార్టవుతుంది. సింపుల్.

డక్ట్_దాదా
ఈసారి మంచి ప్రశ్నే అడిగావు తమ్ముడూ. ఫ్యాన్ తినే కరెంటు స్పీడు ఘనం ప్రకారం మారుతుంది. నాలుగు 72 శాతంలో నడిస్తే 0.72 × 0.72 × 0.72, అంటే 0.37, నాలుగుకి కలిపి ఒకటిన్నర ఫ్యాన్లకి సరిపడా. అదే గాలి మూడింటితో ఇవ్వాలంటే 96 శాతంలో నడపాలి, అప్పుడు 2.65 ఫ్యాన్లకి సరిపడా. నాలుగూ నడిపితేనే బిల్లు దాదాపు సగానికి దగ్గరగా తగ్గుతుంది.

రెండోది, ఆపి ఉంచినది పిలిచినప్పుడు స్టార్టవుతుందన్న నమ్మకం లేదు. నడుస్తున్నది బాగుందో లేదో రోజూ కనిపిస్తుంది. మూడోది, ఆపి ఉంచిన యూనిట్ డ్యాంపర్ సరిగ్గా మూసుకోకపోతే ఏడాది పొడుగునా గాలి వెనక్కి పోతుంది, ఎవరికీ తెలియదు.

డీఎక్స్ కంప్రెసర్ యూనిట్లకి ఇదే లెక్క నేరుగా అప్పజెప్పకండి, వాటికి ఫ్యాన్ స్పీడు మరీ తగ్గిస్తే కాయిల్ మీద మంచు పట్టే బాధ వేరే ఉంది. నీ స్ప్లిట్ ఏసీలకి నీ టైమరే నయం.

హోం_ల్యాబ్_కిట్టు
బకెట్లు కూడా రొటేట్ చేస్తాను ఇకనుంచి.

పంప్_రూం_మూర్తి
అందరూ గాలి దగ్గరే ఆగారు. ఎన్+1 అనే మాట ఎక్కడిదాకా నిజమో చూసుకోవాలి బాబూ. నాలుగు పీఏసీలకీ నీళ్ళు ఒకే హెడర్ నుంచి వస్తున్నాయా? ఆ హెడర్ మీద వాల్వు ఒకటి లీకైతే మార్చడానికి ఏం మూయాలి? నాలుగూ ఆపాల్సి వస్తే నీ ఎన్+1 పీఏసీల వరకే, హాలుకి కాదు. నాలుగు యూనిట్లకీ కరెంటు ఒకే ప్యానెల్ నుంచైతే అదీ అంతే. నేను రిటైరయ్యే ముందు పనిచేసిన చోట ఆరు యూనిట్లు, ఆరింటి కంట్రోల్ సప్లై ఒక్క చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. అది కాలిన రోజు ఆరూ ఒకేసారి కళ్ళు మూశాయి. ట్రాన్స్‌ఫార్మర్ అరచేతిలో పట్టేంత.

అప్‌టైమ్ వాళ్ళ టియర్ 2 కి, టియర్ 3 కి ప్రధానమైన తేడా ఇక్కడే. 2లో స్పేర్ మిషన్లు ఉంటాయి, దారి ఒకటే ఉన్నా సరిపోతుంది. 3లో ఏ భాగాన్నైనా, పైపునైనా సరే, లోడు ఆపకుండా పక్కకి తీసి రిపేరు చేయగలగాలి. చాలామంది పీఏసీలు లెక్కపెట్టి మాది 3 అంటారు.

లక్ష్మి_సింగపూర్
మూర్తి గారి మాటకి ఇక్కడ అందరికీ గుర్తున్న కేసు ఉంది. 2023 అక్టోబర్ 14న డీబీఎస్, సిటీ రెండు బ్యాంకుల సర్వీసులూ ఒకేసారి పడిపోయాయి. ఇద్దరూ ఈక్వినిక్స్ డేటా సెంటర్లో ఉన్నారు. మిషన్ ఏదీ పాడవలేదు. చిల్డ్ వాటర్ సిస్టమ్ అప్‌గ్రేడ్ పనిలో కాంట్రాక్టర్ పొరపాటున బఫర్ ట్యాంకుల వాల్వులు మూసే సిగ్నల్ పంపాడు. హాళ్ళు వేడెక్కాయి. పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం దాదాపు 25 లక్షల పేమెంట్, ఏటీఎం లావాదేవీలు ఆగిపోయాయి. చిల్లర్లు ఎన్ని స్పేర్ ఉంటే ఏం లాభం, నీళ్ళే రానప్పుడు.

వైజాగ్_సుబ్బు
బఫర్ ట్యాంకులంటే ఆపదలో ఆదుకోవడానికే కదా పెట్టేది. వాటినే మూశారా!

లక్ష్మి_సింగపూర్
అదే మరి.

బీఎంఎస్_భాను
నాదీ ఒక కేసు చెప్తాను, ఇది గోపి హాల్లో కూడా ఉండొచ్చు. ఫ్యాన్ల స్పీడు దేన్నిబట్టి మారుతోంది గోపీ? హాట్ ఐల్‌కీ గదికీ మధ్య ప్రెషర్ తేడా మీదనా?

గచ్చిబౌలి_గోపి
అవును. చల్లని వైపు 3 పాస్కల్ ఎక్కువ ఉండేలా సెట్ చేశారు. ట్రిప్ రోజు సున్నా కింద చూపించింది, మూడూ 100కి పోయాయి.

బీఎంఎస్_భాను
సెన్సార్లు ఎన్ని?

గచ్చిబౌలి_గోపి
ఒకటే.

బీఎంఎస్_భాను
నాలుగు యూనిట్లకి ఒక సెన్సార్. మేము చూసిన హాల్లో కేబుల్ వేసేవాళ్ళు ట్రే బిగిస్తూ ఆ సన్నటి ట్యూబుని నొక్కేశారు. ట్యూబులో చిక్కుకున్న గాలితో సెన్సార్ 4 పాస్కల్ దగ్గర నిలిచిపోయింది. తెర మీద అంతా పచ్చగా ఉంది. ఒక యూనిట్ ఆగినా మిగతావి కదల్లేదు, ప్రెషర్ బాగుందనుకుని అదే స్పీడులో నడిచాయి. ఆ హాల్లో డ్యాంపర్లు మంచివే, ఫ్యాన్లకి చోటూ ఉంది, వాటికి సంగతి చెప్పేవాడే లేడు.

గుర్తుపట్టడం తేలిక. ట్రెండ్ గీత చూడండి. బతికున్న ప్రెషర్ సెన్సార్ గీత ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది, హాట్ ఐల్ తలుపు తీసిన ప్రతిసారీ ఒక గాటు పడుతుంది. స్కేలుతో గీసినట్టు ఉంటే అది చచ్చిపోయినట్టు. మూడు సెన్సార్లు పెట్టి వాటిలో తక్కువ చూపించే దాన్ని నమ్మాలి. దానిమీద ర్యాక్ ఇన్‌లెట్ ఏదైనా 27 దాటితే ప్రెషర్ ఏం చెప్పినా ఫ్యాన్లు పెరగాలని ఇంకో రూలు.

రాత్రి_షిఫ్ట్
ఒక ప్రాక్టికల్ డౌట్. అలాంటి రాత్రి వస్తే హాట్ ఐల్ తలుపులు తీసేయాలా వద్దా? మా షిఫ్టులో దీనిమీద గొడవ.

చల్లటి_వరండా
తీసేయాలి. లోపల ప్రెషర్ పెరిగి వేడిగాలి సర్వర్ సందుల్లోంచి ముందుకి తోసుకొస్తుంది. తీస్తే ఆ ప్రెషర్ పోతుంది, వేడి హాలంతా కలిసిపోతుంది, ఏ ఒక్క ర్యాకూ 31 చూడదు.

డక్ట్_దాదా
తీయకూడదు. తీస్తే చివరి ర్యాకులకి వచ్చిన బాధ ఇరవైనాలుగింటికీ వస్తుంది. రిటర్న్ ఇంకా చల్లబడుతుంది, కాయిల్ లాగే వేడి తగ్గుతుంది. గాలి లోటు పూడదు.

పంప్_రూం_మూర్తి
అన్నీ ఆగితే తీయాలి, ఒక్కటి ఆగితే తీయకూడదు. నేను చూసినంతలో అంతే.

చల్లటి_వరండా
"చూసినంతలో" అనేది రూల్ కాదు కదా మూర్తి గారూ. మా హాల్లో తీసినప్పుడు గరిష్ఠం తగ్గింది, ట్రెండ్ ఉంది నా దగ్గర.

డక్ట్_దాదా
మీది కోల్డ్ ఐల్. తలుపు అటుదీ ఇటుదీ ఒకటి కాదు.

చల్లటి_వరండా
ఒకటి కాకపోవచ్చు. కానీ మీ దగ్గర ట్రెండ్ కూడా లేదు.

గచ్చిబౌలి_గోపి
మీ గొడవ మధ్యలో రిపోర్టు. ఆదివారం పొద్దున పర్మిషన్ తీసుకుని టెస్టు చేశాం. ర్యాకుల దగ్గర ఇద్దరిని నిలబెట్టి, ఏ ఇన్‌లెట్ 29 దాటినా ఆపేద్దామనుకున్నాం.

మొదట స్టాప్ కమాండ్‌తో రెండో యూనిట్ ఆపాం. డ్యాంపర్ మూసుకుంది. గరిష్ఠ ఇన్‌లెట్ 25 దగ్గర ఆగింది. పాస్.

తర్వాత అదే యూనిట్‌ని ట్రిప్ చేశాం, డ్రైవ్‌కి ఎక్స్‌టర్నల్ ఫాల్ట్ ఇచ్చి. భాను చెప్పినట్టే డ్యాంపర్ నిక్షేపంగా తెరిచే ఉంది. ఫిల్టర్ ముందు టిష్యూ పేపర్ పెడితే వెనక్కి ఎగిరింది. అనిమోమీటర్‌తో తొమ్మిది చోట్ల కొలిస్తే సగటు 0.9. ఏడు నిమిషాలకే 29 వచ్చేసింది, చేత్తో డ్యాంపర్ తిప్పి మూశాం. మెల్లగా 25.5కి దిగింది.

వెండర్ మనిషి పక్కనే ఉన్నాడు. ఐదో యూనిట్ మాట ఎత్తలేదు.

వైజాగ్_సుబ్బు
ఆ టిష్యూ పేపర్‌ని ఫ్రేమ్ కట్టించండి.

డక్ట్_దాదా
బాగా చేశారు. ఇంకొక్క టెస్టు మిగిలింది. బ్రేకర్ లాగండి.

గచ్చిబౌలి_గోపి
అదీ చేశాం, చెప్పడానికి మనసు రాలేదు. యూనిట్‌కి కరెంటే పోతే డ్యాంపర్ మోటారుకి కూడా పోతోంది. ఎక్కడున్నది అక్కడే. స్ప్రింగ్ లేదు.

బీఎంఎస్_భాను
స్ప్రింగ్ రిటర్న్ యాక్చుయేటర్లు వేయించండి, కరెంటు పోతే తనంతట తనే మూసుకుంటుంది. లాజిక్ ఒక్కటే మారిస్తే డ్రైవ్ ట్రిప్ కేసు తీరుతుంది, బ్రేకర్ కేసు తీరదు. యూపీఎస్ నుంచి కంట్రోల్ సప్లై ఇవ్వొచ్చు, కానీ అప్పుడు మూర్తి గారి అరచేతి ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ వస్తుంది.

పంప్_రూం_మూర్తి
మోటారే లేని గ్రావిటీ డ్యాంపర్ ఎందుకు వద్దు? గాలి తోస్తే తెరుచుకుంటుంది, లేకపోతే దాని బరువుకి అదే పడిపోతుంది. వైరు లేదు, లాజిక్ లేదు.

డక్ట్_దాదా
తక్కువ స్పీడులో రెక్కలు సగం తెరుచుకుని టపటపలాడతాయి, ఎప్పుడూ కొంత ప్రెషర్ తినేస్తాయి. దుమ్ము పడితే బుష్‌లు పట్టేస్తాయి. కానీ మీ మాట కొట్టిపారేయను, నాకు తెలిసి రెండూ వాడేవాళ్ళు ఉన్నారు.

గోపి గారూ, డ్యాంపర్లతో పాటు ఆ 4,000 లీకేజీ కూడా చూడండి. ఫ్లోర్ కట్‌అవుట్లకి బ్రష్‌లు, ఖాళీ ర్యాక్ యూనిట్లకి బ్లాంకింగ్ ప్యానెళ్ళు. ఇప్పుడు డ్యాంపర్ మూసినా మీ మార్జిన్ 2,000 మాత్రమే. లీకేజీ సగానికి తెస్తే 4,000 అవుతుంది. యాక్చుయేటర్ల కంటే ఇదే చవక.

గచ్చిబౌలి_గోపి
బ్రష్‌లు ఆర్డర్ చేశాం. ఇప్పుడు కొత్త తలనొప్పి. వచ్చే ఏడాది లోడు 220 అవుతుందని ఐటీ వాళ్ళు మెయిల్ పెట్టారు.

డక్ట్_దాదా
220 × 3000 ÷ 12 = 55,000. మూడు యూనిట్లు ఇచ్చేది 51,000. అప్పుడు ఎన్ని డ్యాంపర్లు వేసినా ఎన్+1 కాదు. కిలోవాట్ల లెక్కలోనూ 210 మీద 220, అదీ చాలదు.

రాత్రి_షిఫ్ట్
అంటే వెండర్ చెప్పిన ఐదో యూనిట్ కొనాల్సిందేనా చివరికి 😄

బీఎంఎస్_భాను
కొనొచ్చు, స్ప్రింగ్ ఉన్న డ్యాంపర్‌తో. లేకపోతే వెనక్కి గాలి పోయే పెట్టెలు నాలుగు కాస్తా ఐదవుతాయి. పొజిషన్ ఫీడ్‌బ్యాక్ కూడా ఆర్డర్లోనే రాయించండి, తర్వాత అడిగితే ఎక్స్‌ట్రా అంటారు.

చల్లటి_వరండా
ఆ 220లో కొత్త సర్వర్లు ఎలాంటివో ముందు అడగండి. కొత్తవాటికి ముందూ వెనకా తేడా 15 దాకా ఉంటే గాలి 44,000 చాలు. అప్పుడు గాలికి ఇబ్బంది లేదు, కిలోవాట్లే తక్కువ.

డక్ట్_దాదా
ఇది మంచి పాయింట్. కాకపోతే రిటర్న్ వేడెక్కితే అదే కాయిల్ 70 కంటే ఎక్కువే లాగుతుంది. వెండర్‌ని 37 రిటర్న్ దగ్గర సెలక్షన్ షీటు మళ్ళీ తీయమనండి, కొటేషన్ ఆ తర్వాత.

గచ్చిబౌలి_గోపి
మెయిల్ పెట్టాను. ఐటీ వాళ్ళు తేడా ఎంతో తెలియదన్నారు, మోడల్ ఇంకా ఫైనల్ కాలేదట. సంతకం మాత్రం ఆపించాను.